పందొమ్మిదో నంబరు ఉంగరం పద్దెనిమిదికి వచ్చిన కథ: కొలతల డైరీ

మాది పర్లాకిమిడి. మోటారు రీవైండింగ్ షాపు ఉంది. ఉంగరాల పని నాది కాదు. ఒకే ఉంగరం రెండుసార్లు సైజు తప్పడంతో, మూడోసారి బంగారం కోయించే ముందు నా వేలిని నేనే కొలుచుకోవాలనుకున్నాను. అలా రాసుకున్న నోటుబుక్కు ఇది. తప్పులు తీసేయలేదు, ఎందుకంటే ఎక్కువమంది చేసేవి అవే.

దశ 0: రెండు తప్పులు

పెళ్ళి ఉంగరం కోసం కొలత ఇచ్చింది జనవరిలో, పొద్దున పది గంటలకి. చన్నీళ్ళ స్నానం చేసి, చలిగాలిలో బండి మీద వెళ్ళాను. షాపులో కుర్రాడు సైజు రింగుల గుత్తిలోంచి సన్నటిదొకటి తీసి, నెట్టి తోసి, "పదహారు" అని రాసుకున్నాడు. చేయించింది మాత్రం వెడల్పు ఉంగరం. 6 మిల్లీమీటర్ల పట్టీ, పైన పేరులో మొదటి అక్షరం చెక్కిన చదును ముఖం. బరువు 5.00 గ్రాములు.

మేలో పెళ్ళి పీటల మీద అది కణుపు దాటలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఉంగరం చిటికెన వేలికి పెట్టుకుని ఫోటోలు దిగాను.

ఆ వారమే మధ్యాహ్నం పూట వెళ్ళి పెద్దది చేయించాను. అప్పుడు సరిపోయిన నంబరు పందొమ్మిది. మూడు మిల్లీమీటర్ల ముక్క అతికారు, బరువు 5.26కి వచ్చింది. ఏడు నెలలు హాయిగా ఉంది. డిసెంబరులో ఒక ఉదయం సబ్బు చేతులు కడుక్కుంటుంటే జారి తూము జాలీ మీద పడింది. జాలీ కన్నాలు చిన్నవి కాబట్టి దొరికింది.

మా అత్తగారు "బంగారం ఎండకి సాగుతుంది నాయనా, చలికి ముడుచుకుంటుంది" అన్నారు. అందుకే మొదట ఆ లెక్కే వేసి చూశాను. బంగారం ఒక డిగ్రీ వేడికి తన పొడవులో లక్షకి దాదాపు 1.4 వంతు పెరుగుతుంది. 58 మిల్లీమీటర్ల చుట్టుకొలత, 25 డిగ్రీల తేడా అనుకుంటే పెరిగేది 0.02 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందం కూడా రాదు. పైగా ఆవిడ చెప్పిన ప్రకారం చలికి ఉంగరం బిగుసుకోవాలి, నాది చలికే జారింది. కాబట్టి మారుతున్నది వేలే.

నంబర్ల గురించి ఇక్కడే చెప్పేస్తాను, కింద అన్నిచోట్లా అవసరం. మన షాపుల్లో వాడే భారతీయ నంబరుకి 40 కలిపితే ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో దాదాపు వస్తుంది. పదహారంటే 56, పందొమ్మిదంటే 59. ఒక నంబరుకి ఒక మిల్లీమీటరు. అమెరికా నంబర్లు వేరు, అక్కడ ఒక నంబరుకి రెండున్నర మిల్లీమీటర్లు. వాళ్ళ 8 మన 17కి దగ్గర. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ముందు ఆ నంబరు ఏ దేశానిదో చూసుకోవాలి.

దశ 1: డిసెంబరు చివరి వారం, కొలిచే పద్ధతే తేలలేదు

*పురికొస.* వేలి చుట్టూ చుట్టి, గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద పెట్టాను. 60 వచ్చింది. అంటే ఇరవయ్యో నంబరు, జారిపోయిన ఉంగరం కంటే పెద్దది! తప్పెక్కడో రీవైండింగ్ చేసేవాడికి వెంటనే తట్టాలి, నాకు మర్నాడు తట్టింది. పురికొస మందం ఒక మిల్లీమీటరు. చుట్టినప్పుడు దాని పొడవు వేలి అంచున కాకుండా పురికొస నడిమధ్యన కొలతకి వస్తుంది. మందాన్ని 3.14తో గుణిస్తే వచ్చేంత ఎక్కువ చూపిస్తుంది. ఒక మిల్లీమీటరు మందానికి మూడు నంబర్ల తప్పు.

*కుట్టుదారం.* మందం సమస్య తగ్గింది, కానీ కండలోకి దిగుతుంది. లాగే బలాన్ని బట్టి 53 నుంచి 56 దాకా ఎంత కావాలంటే అంత చూపిస్తుంది.

*వెర్నియర్.* షాపులో ఉన్నదే. వేలు గుండ్రంగా ఉండదు. అడ్డంగా పట్టుకుంటే 18.8, పైనుంచి కిందికి 16.9. సగటు తీసి 3.14తో గుణిస్తే 56 వస్తుంది గానీ, దవడలు ఎంత నొక్కాలో ప్రతిసారీ ఒకేలా కుదరలేదు. ఉంగరం లోపలి వ్యాసం కొలవడానికి వెర్నియర్ మంచిది, వేలికి కాదు.

*కాగితం పట్టీ.* నోటుబుక్కు కాగితంలోంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, చుట్టి, ఒకదాని మీద ఒకటి వచ్చేచోట పెన్నుతో అడ్డగీత గీసి, విప్పి కొలవాలి. మూడుసార్లు చేస్తే మూడూ అర మిల్లీమీటరు లోపే వచ్చాయి. వేలి మొదలుకి ఇదే ఖాయం చేశాను.

కాగితం చెప్పనిది ఒకటుంది. ఉంగరం వేలి మొదట్లో కూర్చుంటుంది, కానీ అక్కడికి కణుపు దాటి వెళ్ళాలి. నా కణుపు మొదలు కంటే లావు. కణుపు దాటడం కాగితంతో తేలదు. ఎముక మీద చర్మం కదులుతుంది, ఉంగరాన్ని తిప్పుతూ తోస్తే కొంచెం సర్దుకుంటుంది. అది గట్టి ఉంగరంతోనే తెలియాలి.

ఇప్పటివరకు: కొలతలు 12 (అన్నీ కొట్టివేత). ఖర్చు సున్నా.

దశ 2: రాగి డమ్మీలు

సైజు రింగుల గుత్తి కొనొచ్చు, పెద్ద ధరేం కాదు. షాపు నిండా రాగి తీగ పెట్టుకుని కొనబుద్ధి కాలేదు. పైగా అర నంబర్లు కూడా కావాలనిపించింది.

14 గేజి వైండింగ్ తీగ తీసుకున్నాను. మందం 2 మిల్లీమీటర్లు. పదిహేడో నంబరు కావాలి కాబట్టి 57 మిల్లీమీటర్లు కోసి, వంచి, కొసలు అతికించాను. అది చిటికెన వేలికి సరిపోయింది! పురికొస దగ్గర చేసిన తప్పే, ఈసారి తిరగేసి. తీగ మందం కలపడం మర్చిపోయాను. 57 మిల్లీమీటర్ల తీగతో లోపల మిగిలేది 51 కూడా కాదు. అలా నాలుగు డమ్మీలు పాడయ్యాయి.

సరైన వరస ఇది:

1. కావాల్సిన లోపలి చుట్టుకొలతకి తీగ మందం × 3.14 కలపాలి. నా తీగకి 57 + 6.3 = 63.3.
2. తీగ మీది ఎనామిల్ గీకి, కొసలు రెండూ ఆకురాయితో చదును చెయ్యాలి. ఆకురాయి తినే అర మిల్లీమీటరు ముందే కలుపుకోవాలి.
3. సరిపడే డ్రిల్ బిట్టు వెనక భాగం మీదో, పైపు ముక్క మీదో గుండ్రంగా వంచి, కొసలు ఎదురెదురుగా తెచ్చి టంకం పెట్టాలి.
4. లోపలి అంచు నున్నగా రుద్దాలి. టంకం బొట్టు లోపలికి పొడుచుకొస్తే అదే అర నంబరు మింగేస్తుంది.
5. కంసాలి దగ్గర సైజు కర్రకి తొడిగి నంబరు సరిచూసుకోవాలి.

16 నుంచి 19 దాకా, అరలతో కలిపి ఏడు చేశాను. పాతపట్నంలో మాకు తెలిసిన ఆచారి గారి సైజు కర్రకి తొడిగి చూస్తే ఐదు సరిగ్గా ఉన్నాయి, రెండు తేడా. ఆ రెండూ మళ్ళీ చేశాను. "ఏటి బాబూ, రాగి ఉంగరాల యాపారం పెట్టినావా?" అన్నాడాయన.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఇవి తీగలు కదా. నీ ఉంగరం పట్టీ. పట్టీ ఎప్పుడూ బిగుస్తాది." ఇంటికొచ్చి పాత ఎర్తింగ్ రాగి పట్టీలోంచి 6 మిల్లీమీటర్ల వెడల్పుతో మూడు డమ్మీలు చేశాను. నిజమే. తీగ 17 దాటిన వేలికి పట్టీ 18 కావాల్సి వచ్చింది. వెడల్పు ఉంగరం కింద ఎక్కువ కండ ఒకేసారి నొక్కుకుంటుంది, పక్కకి జరగడానికి చోటుండదు. సన్నటి రింగుతో కొలిచి వెడల్పు ఉంగరం చేయడమే మొదటి తప్పులో సగం అని అప్పుడు అర్థమైంది.

ఇప్పటివరకు: డమ్మీలు 10 పనికొచ్చేవి, 6 చెత్తలోకి. ఖర్చు: టంకం 60, గది థర్మామీటరు 180, మొత్తం 240 రూపాయలు.

దశ 3: జనవరి, పది రోజులు

రోజుకి నాలుగుసార్లు, కుడిచేతి ఉంగరపు వేలు. మొదలుకి కాగితం పట్టీ. కణుపుకి, తిప్పుతూ తోస్తే నొప్పి లేకుండా దాటే అతి చిన్న తీగ డమ్మీ. పది రోజుల సగటు, అర మిల్లీమీటరుకి సరిచేసి రాస్తున్నాను.

| సమయం | మొదలు | కణుపు |
|---|---|---|
| లేవగానే, 5:30 (గది 16 డిగ్రీలు) | 56.5 | 57.5 |
| చన్నీళ్ళ స్నానం తర్వాత, 6:30 | 55 | 57 |
| మధ్యాహ్నం 1 | 56 | 57.5 |
| రాత్రి 8 | 56.5 | 57.5 |

పొద్దున లేవగానే చలికి వేలు సన్నగా ఉంటుందనుకున్నాను. కాదు. దుప్పటి కింద చేయి వెచ్చగా ఉంటుంది. పైగా రాత్రంతా పడుకోవడంతో పగలు కాళ్ళలోకి దిగిన నీరు ఒంట్లో పైదాకా సర్దుకుంటుంది, లేచిన గంటసేపు వేళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. అసలైన సన్నదనం చన్నీళ్ళు పోసుకున్నాక. చలి తగలగానే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేలికి వచ్చే రక్తం తగ్గుతుంది. పది నిమిషాల్లో ఒకటిన్నర మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర నంబర్లు.

అంటే జనవరిలో నేను షాపుకి వెళ్ళింది సంవత్సరం మొత్తంలో నా వేలు అతి సన్నగా ఉండే గంటలోనే.

ఎడమచేతి వేలు కూడా నాలుగు రోజులు కొలిచాను. ఒక నంబరు తక్కువ. రోజంతా కుడిచేత్తో తీగ లాగేవాడికి అది వింత కాదు. అందుకే ఏ చేతికి పెట్టుకుంటే ఆ చేతినే కొలవాలి. పనిలో మాత్రం ఏ చేతికీ ఉంగరం ఉండదు. బ్యాటరీ టెర్మినల్‌కి ఉంగరం తగిలి వేలు కాలిన మనిషిని చూశాను.

ఒక రాత్రి ఎండుచేపల పులుసు, ఆవకాయ గట్టిగా తిన్నాను. మర్నాడు లేవగానే మొదలు 57, మామూలు కంటే అర ఎక్కువ. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి నమ్మదగ్గదే. ఒక్క రోజు లెక్క కనుక సగటులో కలపలేదు.

ఇప్పటివరకు: ఎడమచేతివి కలపకుండా కొలతలు 52. ఖర్చు అదే 240.

దశ 4: ఫిబ్రవరి, రెండు తొట్లు

మే దాకా ఆగడం కష్టమనిపించింది. వేసవినీ చలినీ తొట్టిలో తెచ్చుకోవచ్చేమో చూశాను.

1. ఒక తొట్టిలో ఐసు ముక్కలు కలిపిన నీళ్ళు, 12 డిగ్రీలు. చేయి 5 నిమిషాలు. తుడుచుకుని వెంటనే కొలత: మొదలు 54.5.
2. అరగంట విరామం.
3. ఇంకో తొట్టిలో 40 డిగ్రీల వేడినీళ్ళు. చేయి 10 నిమిషాలు. మొదలు 57.

మూడు రోజులు చేస్తే మూడు రోజులూ ఇంతే. చల్లటి తొట్టి చలికాలపు స్నానాన్ని బాగానే చూపించింది, పైగా వేలిని ఇంకో అర మిల్లీమీటరు సన్నగా చూపించింది. వేడి తొట్టి మాత్రం 57 దాటలేదు. అప్పుడు దాన్నే నమ్మి ఉంటే 17న్నర అని ఖాయం చేసేవాణ్ణి. ఆచారి గారి దగ్గరికి బయల్దేరాను కూడా. మా ఆవిడే ఆపింది. "ఏవండీ, పెళ్ళిలో మీ వేలు తొట్లో పెట్టుకుని కూర్చోలేదు కదా, ఎండలో నిలబడ్డారు."

ఆమె చెప్పిందే నిజమని మేలో తేలింది. వేడికి రక్తనాళాలు తెరుచుకోవడం ఒక్కటే కాదు, చేతులు కిందికి వేలాడేసి నడిచినప్పుడు రక్తమూ నీరూ వేళ్ళలోకి దిగి నిలుస్తాయి. తొట్టిలో ఆ భాగం లేదు.

ఇప్పటివరకు: కొలతలు 58.

దశ 5: మే, పది రోజులు

| సమయం | మొదలు | కణుపు |
|---|---|---|
| లేవగానే (గది 29 డిగ్రీలు) | 57.5 | 58 |
| స్నానం తర్వాత | 56.5 | 57.5 |
| మధ్యాహ్నం 2, బయటినుంచి నడిచొచ్చాక (గది 37) | 58 | 58 |
| రాత్రి 9 | 57.5 | 58 |

జనవరి పట్టికని పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మొదలు 55 నుంచి 58 దాకా, మూడు మిల్లీమీటర్లు మారింది. కణుపు 57 నుంచి 58, ఒక్క మిల్లీమీటరే. మొదట్లో ఉన్నది మెత్తటి కండ, అది నీరు పడుతుంది, విడుస్తుంది. కణుపులో ఎక్కువ భాగం ఎముక. ఇల్లు పెరిగి తగ్గినా గుమ్మం దాదాపు అలాగే ఉందన్నమాట. సైజుని గుమ్మాన్ని బట్టి ఎంచాలి. ఇంట్లో వదులు వేరే పద్ధతిలో సర్దుకోవాలి.

పందొమ్మిది ఎలా వచ్చిందో కూడా తెలిసింది. మే మధ్యాహ్నం 6 మిల్లీమీటర్ల పట్టీ డమ్మీ నా కణుపు హాయిగా దాటాలంటే సరిగ్గా పందొమ్మిదే కావాలి. ఆ రోజు కొలిచినవాళ్ళ తప్పు లేదు. అది వేలు అతి లావుగా ఉండే గంట, నేనే ఆ గంటకి వెళ్ళాను.

*ఆరో రోజు ఇరుక్కుంది.* మధ్యాహ్నం 2 గంటలకి 18 పట్టీ డమ్మీని తొందరలో బలంగా తోశాను, దాటింది. తిరిగి రాలేదు. లాగేకొద్దీ కణుపు దగ్గర చర్మం ముడతపడి కుప్పగా నిలిచింది. రెండు నిమిషాల్లో వేలు ఎర్రగా, ఆపైన కాస్త నీలంగా. రాగి డమ్మీయే కదా, కట్టర్‌తో కోసేయొచ్చు. బంగారమైతే ఏం చేసేవాణ్ణి అనుకుని దారం పద్ధతి చేసి చూశాను:

1. చేయి తలకంటే పైకెత్తి ఐదు నిమిషాలు. తర్వాత చల్లటి నీళ్ళలో కాసేపు. సగం వాపు దీనికే దిగింది.
2. నున్నటి దారం కొస ఒకటి డమ్మీ కిందుగా, అరచేతి వైపుకి దూర్చాలి. నేను అగ్గిపుల్లతో తోశాను.
3. డమ్మీ అంచు నుంచి మొదలుపెట్టి కణుపు దాటేదాకా, సందు లేకుండా వరసగా చుట్టాలి. కాయిల్ చుట్టినట్టే.
4. కొంచెం కొబ్బరినూనె.
5. అరచేతి వైపున్న కొస పట్టుకుని వేలి చివరి దిక్కుగా విప్పుతూ రావాలి. విప్పేకొద్దీ డమ్మీ చుట్ల మీదుగా జరుగుతుంది.

నాలుగు నిమిషాల్లో వచ్చింది. చుట్టు ఎక్కువసేపు ఉంచకూడదు, అది కూడా రక్తాన్ని ఆపుతుంది. వేలు తిమ్మిరెక్కినా, రంగు నల్లబడినా ఈ ప్రయోగాలు ఆపి ఉంగరం కోయించుకోవడమే. ఆసుపత్రుల్లో దానికి చిన్న కట్టర్ ఉంటుంది. అలాగే ఎండ లేకుండా, ఏ వేళ చూసినా తగ్గకుండా వేళ్ళు ఉబ్బి ఉంటే వెళ్ళాల్సింది డాక్టరు దగ్గరికి, కంసాలి దగ్గరికి కాదు.

ఇప్పటివరకు: కొలతలు 98. ఖర్చు 240. కొబ్బరినూనె ఇంటిదే.

*మా ఆవిడ వేలు.* ఇదే లెక్క ఆమె వేలికి వేశాను, తప్పింది. ఆమె వేళ్ళు మొదట్లో లావు, చివరికి సన్నం. మేలో మొదలు 51, కణుపు 49. గుమ్మం ఇల్లు కంటే చిన్నది కాబట్టి కణుపుని బట్టి ఉంగరం చేస్తే మొదట్లో కోసుకుపోతుంది. మొదలుని బట్టి చేస్తే చలికాలం ఆపేది ఏదీ ఉండదు. అలాంటి వేలికి వేసవి సాయంత్రం మొదలు కొలతనే పట్టుకోవాలి. ఆమెకి 11 సరిపోయింది, చలిలో స్నానానికి ముందు తీసేస్తుంది. మీ నోటుబుక్కులో మొదటి పేజీలోనే రెండు కొలతలూ పక్కపక్కన రాసి, మీది ఏ రకం వేలో చూసుకోండి. ఇక మీద రాసేదంతా నాలాంటి కణుపు లావు వేళ్ళకే.

దశ 6: జూన్, ఆచారి గారి కుంపటి దగ్గర

నంబరు ఎంచడానికి పెట్టుకున్న షరతులు రెండే. మే మధ్యాహ్నం తిప్పుతూ తీస్తే రావాలి. జనవరి స్నానం తర్వాత, పొడి చేయి కిందికి విదిలిస్తే పడకూడదు.

పందొమ్మిది రెండో షరతులో పోతుంది. జనవరి ఉదయం 55 ఉన్న మొదలు మీద నాలుగు మిల్లీమీటర్ల వదులు, 57 ఉన్న కణుపుకి రెండు వదులు. సబ్బు ఉంటే ఆగదు. పదిహేడున్నర మొదటి షరతులోనే పోతుంది. పద్దెనిమిది తీగ రెండింటిలోనూ నెగ్గింది. కానీ నాది తీగ కాదు, పట్టీ. ఆరో రోజు ఇరుక్కున్న డమ్మీ ఆ నంబరుదే.

ఇక్కడ ఆచారి గారు దారి చెప్పాడు. పైన చెక్కిన ముఖం 6 మిల్లీమీటర్లే ఉంచి, అరచేతి వైపుకి వచ్చేసరికి క్రమంగా 4కి సన్నం చేస్తే పట్టు తగ్గుతుందన్నాడు. ముందు రాగి పట్టీ డమ్మీని అలా రాసి చూశాను. పద్దెనిమిదే, ఎండలో నడిచొచ్చాక కొంచెం నసిగింది గానీ తిప్పితే వచ్చింది. ఇంకా సన్నం, 3 దాకా రాయమంటే ఆయన ఒప్పుకోలేదు. 22 క్యారట్లు మెత్తన, 0.8 మందం పట్టీని అంత సన్నం చేస్తే గుప్పిట బిగించినప్పుడు వంగుతుందట.

చలికాలపు వదులుకి ఆయన దగ్గర పాత చిట్కా ఉంది. ఉంగరం లోపల, గడియారంలో 5, 7 అంకెలు ఉండే చోట అర మిల్లీమీటరు ఎత్తు పూసలు రెండు. అవి మొదట్లోని మెత్తటి కండలో ఆనుకుని ఉంగరాన్ని గిర్రున తిరగనివ్వవు. కణుపు దాటేటప్పుడు ఉంగరాన్ని కాస్త వాల్చి తిప్పితే అడ్డురావు.

పని జరిగిన వరస:

1. హాల్‌మార్కు గుర్తూ, ఆ ఉంగరానికే ప్రత్యేకంగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యుఐడి నంబరూ లోపల ఎక్కడున్నాయో భూతద్దంతో చూసి పక్కన గుర్తు పెట్టుకున్నాడు. కోత అటువైపు వెళ్ళకూడదు.
2. పోయిన ఏడాది అతికిన ముక్కలోనే రంపంతో ఒక మిల్లీమీటరు తీశాడు. పాత అతుకు దాటి కొత్తచోట కోస్తే ఉంగరానికి ఇంకో అతుకు పెరుగుతుంది.
3. కొసలు కలిపి, వెలిగారం రాసి, టంకం పెట్టి ఊదాడు. శ్రావణంతో తీసి నీళ్ళలో వేస్తే నల్లగా ఉంది.
4. సైజు కర్రకి తొడిగి మేలట్‌తో గుండ్రం చేశాడు.
5. ఆకురాయితో కింది సగం సన్నం చేశాడు. రజను పడటానికి ఒళ్ళో తోలు పరిచాడు.
6. పూసలు పెట్టి మెరుగు పెట్టాడు.

ఇంతలో నేను తూకం రాసుకున్నాను. నా ఉంగరం పట్టీ 6 × 0.8. 22 క్యారట్ల బంగారం ఘనసెంటీమీటరుకి 17.8 గ్రాముల దాకా తూగుతుంది. ఆ లెక్కన ఒక నంబరు అంటే 0.085 గ్రాములు. మీ ఉంగరానికి ఒక నంబరు పెంచితే ఎంత బంగారం పడుతుందో ఇలాగే ముందే తెలుసుకోవచ్చు, బేరంలో పనికొస్తుంది.

| | గ్రాములు |
|---|---|
| ఇచ్చినప్పుడు | 5.26 |
| పూసలకి కలిపింది | 0.02 |
| తీసుకున్నప్పుడు | 4.77 |
| తిరిగిచ్చిన ముక్క | 0.08 |
| తిరిగిచ్చిన రజను | 0.40 |
| తరుగు | 0.03 |

మజూరీ 900 తీసుకున్నాడు. రజను చిన్న కాగితం పొట్లంలో కట్టి ఇచ్చాడు, మా అత్తగారు దాన్ని బీరువాలో పెట్టారు.

ఒక్క తప్పు ఇక్కడా జరిగింది. కుంపటి పక్కన గంటసేపు కూర్చున్నాక వేలికి తొడిగి చూసి, "బిగుతుగా ఉంది, అర పెంచండి" అన్నాను. ఆయన మాట్లాడకుండా చెంబుతో నీళ్ళిచ్చి, బయట వేపచెట్టు కింద పావుగంట కూర్చుని రమ్మన్నాడు. వచ్చి తొడిగితే సరిపోయింది.

ఇప్పటివరకు: ఖర్చు 1,140.

దశ 7: తర్వాత నెలల్లో

ఆగస్టు. ఉక్కపోత, వాన. మొదలు 57 దగ్గరే తిరుగుతోంది. ఏ ఇబ్బందీ లేదు.

అక్టోబరు. ఎడమవైపు పూస అంచు గీరుతోందని ఆచారి గారి దగ్గర కొంచెం రాయించాను. డబ్బులు తీసుకోలేదు.

మళ్ళీ జనవరి. గది 15 డిగ్రీలు, చన్నీళ్ళ స్నానం తర్వాత మొదలు 55, కణుపు 57. పొడి చేయి విదిలిస్తే ఉంగరం కణుపు దాకా వచ్చి ఆగింది. చెక్కిన అక్షరం పైకే ఉంది, తిరగలేదు. తర్వాత కావాలనే పక్కన బకెట్ పెట్టుకుని సబ్బు చేత్తో విదిలించాను. మూడోసారికి బకెట్లో పడింది. సబ్బు ముందు నా పద్దెనిమిది కూడా ఆగదు.

స్నానాల గది గోడకి ఒక మేకు కొట్టాను. ఉంగరం దానికి తగిలించి నీళ్ళు పోసుకుంటున్నాను.

కొలతలు 102. ఖర్చు 1,140, మేకుతో కలిపి 1,142.